మోటారు కరెంటులో నీటికి అందేదెంత?

బావి మీది మూడు ఫేజుల మోటారు 1,000 లీటర్ల ట్యాంకును 125 సెకన్లలో నింపిందనుకుందాం. అంటే సెకనుకు 8 లీటర్లు. డెలివరీ పైపు గేజి 2 కిలోలు చూపితే అది 20 మీటర్ల ఎత్తుకు సమానం. బావి నీళ్లు గేజికి 4 మీటర్ల కిందుంటే మొత్తం 24. చాలామంది ఈ నాలుగునే మరిచిపోతారు. 8ని 24తో, 9.81తో గుణిస్తే నీటికి అందింది సుమారు 1,880 వాట్లు.

క్లాంప్ మీటరు ఫేజుకు 7.5 ఆంపియర్లు చూపింది. దాన్ని 415 వోల్టులతో, 1.732తో, పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణిస్తే మోటారు తీసుకున్నది దాదాపు 4,300 వాట్లు. మోటారు, పంపు కలిపి సామర్థ్యం 44 శాతం. ఆ 0.8 మాత్రం అంచనాయే. లోడు తక్కువైతే బాగా పడిపోతుంది.

బావిలో నీటిమట్టం మారకుండానే గేజి తగ్గి, ట్యాంకు ఆలస్యంగా నిండితే ఇంపెల్లర్ అరుగుదలనో, సక్షన్ వైపు అడ్డునో అనుమానించాలి. గేజి పెరిగి ఆలస్యమైతే అడ్డు పైపులోనే ఉంది.