ఐదు హెచ్‌పీ మోటారు తిప్పే బలం ఎంత?

వ్యవసాయ మోటారు పలక మీద 5 హెచ్‌పీ, 3.7 కిలోవాట్లు అని రెండూ ఉంటాయి. రెండూ ఒకటే. ఒక హెచ్‌పీ 0.746 కిలోవాట్లు కాబట్టి 5 హెచ్‌పీ అంటే 3.73. సాధారణంగా ఆ పలక మీద కనిపించనిది టార్క్, అంటే షాఫ్టును తిప్పే బలం. కిలోవాట్లను 9550తో హెచ్చించి ఆర్‌పీఎంతో భాగిస్తే అది న్యూటన్ మీటర్లలో వస్తుంది. 60,000ను రెండు పైలతో భాగిస్తే వచ్చే సంఖ్యే ఈ 9550.

1440 ఆర్‌పీఎం మోటారుకు లెక్క ఇది:

3.73 × 9550 ÷ 1440 = 24.7

అదే 5 హెచ్‌పీ 2880 ఆర్‌పీఎం మోటారులో 12.4 మాత్రమే. వేగం రెట్టింపైతే బలం సగమవుతుంది.

మోటారు కాలిపోయినప్పుడు హెచ్‌పీ ఒక్కటే చూసి కొనడం ఇందుకే ప్రమాదం. 1440 ఆర్‌పీఎం దగ్గర 5 హెచ్‌పీ తీసుకునే సెంట్రిఫ్యూగల్ పంపుకు 2880 మోటారును నేరుగా బిగించామనుకోండి. రెట్టింపు వేగంలో ఆ పంపు దాదాపు నాలుగింతల టార్క్, అంటే 99 న్యూటన్ మీటర్లు అడుగుతుంది. పవర్ లెక్కన అది 40 హెచ్‌పీ! మోటారు ఆ వేగాన్ని అందుకోలేక మూలుగుతుంది, అమ్మీటరు ముల్లు పలక మీది ఆంపియర్లను దాటుతుంది, ఓవర్‌లోడ్ రిలే పడిపోతుంది. బెల్టు పెట్టి, పంపు పుల్లీ వ్యాసం మోటారు పుల్లీకి రెట్టింపు ఉండేలా చూస్తే పంపు 1440 దగ్గరే తిరుగుతుంది. బెల్టు జారుడు పోగా, దానికి కావలసిన 24.7 కూడా దాదాపుగా అందుతుంది.