గులికలా, పౌచా: మా బుజ్జిగాడి లెక్క

మా బుజ్జిగాడు 4 కిలోల మగపిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఫ్లాట్ గడప దాటడు. ఇలాంటి పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీలు చాలు. డ్రై ఫుడ్ అయితే 55 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. 85 గ్రాముల వెట్ ఫుడ్ పౌచ్‌లైతే దాదాపు మూడు.

కేలరీలు రెండింట్లోనూ ఒకటే. తేడా అంతా నీళ్లలో ఉంది. పిల్లులు ఎడారి అడవిపిల్లుల సంతతి. వేటాడిన ఎలుక ఒంట్లో మూడింట రెండొంతులు నీరే కాబట్టి వాటికి విడిగా తాగే అలవాటు తక్కువ. బుజ్జిగాడికి రోజుకు 200 మిల్లీలీటర్ల దాకా నీరు కావాలి. మూడు పౌచ్‌లలో దాదాపు అంతా వచ్చేస్తుంది. ఆ గుప్పెడు గులికల్లో ఒక చెంచాడు కూడా ఉండదు. మిగతాది గిన్నెలోంచి తాగాలి, చాలా పిల్లులు అంత తాగవు. అప్పుడు మూత్రం చిక్కబడుతుంది. మగపిల్లికి మూత్రనాళం సన్నం, అడ్డుపడితే ప్రాణం మీదికి వస్తుంది.

అలాగని అందరూ మూడు పౌచ్‌లూ కొనగలరా? నెల తిరిగేసరికి ఖర్చు తెలిసొస్తుంది. పైగా మన వేసవిలో తెరిచిన పౌచ్ గంట దాటితే పారేయాల్సిందే. గులికలు పళ్లను శుభ్రం చేస్తాయన్న మాటను మాత్రం నేను పట్టించుకోను. మామూలు గులిక పంటికి తగలగానే విరిగిపోతుంది, తోమదు.

అందుకే మా ఇంట్లో రెండూ: రోజుకు ఒక పౌచ్, 35 గ్రాముల గులికలు. పౌచ్ మీద సంపూర్ణ ఆహారమని రాసి ఉందో లేదో చూస్తాను. కొన్ని ఉత్త చిరుతిళ్లే, వాటితో కడుపు నింపకూడదు.

మొదట్లో నేనూ పప్పులో కాలేశాను. గులికల గిన్నె ఎప్పటిలా నింపి ఉంచి, పైన పౌచ్ పెట్టాను. ఒక పౌచ్ 70 కేలరీలు, అంటే రోజు తిండిలో మూడో వంతు అదనం. మూడు నెలలకు వాడి పక్కటెముకలు చేతికి తగలడం మానేశాయి. ఇప్పుడు వంటింటి త్రాసు మీద తూచి పెడుతున్నాను.

అలవాటు చేయడానికి పది రోజులు పట్టింది. మొదట గులికల పక్కన ఒక చెంచా వెట్ ఫుడ్, అది తిన్నాక రెండు చెంచాలు. ఆకలేస్తే అదే తింటుందిలే అని కడుపు మాడ్చకూడదు. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు చేరి జబ్బు పడుతుంది.

ఫలితం లిట్టర్ ట్రేలో కనిపిస్తుంది. మూత్రం ఉండలు మునుపటికంటే పెద్దవయ్యాయి. ట్రేలో కూర్చుని ముక్కుతూ, చుక్క కూడా పోయకుండా లేస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.