మెయిల్లో ‘ఓ’ పరీక్ష

ఆఫీసు నుంచి వెళ్లబోతున్న మెయిల్ ఒకటి చూద్దాం. ‘కుడ్ యూ టెల్ మీ వెన్ విల్ ద ఇన్‌వాయిస్ బి రెడీ? ప్లీజ్ లెట్ మీ నో డిడ్ ద క్లయింట్ అప్రూవ్ ఇట్. ఐ యామ్ నాట్ ష్యూర్ హూ సైన్డ్ ఇట్.’ స్పెల్లింగ్ తప్పు ఒక్కటీ లేదు. అయినా మొదటి రెండు వాక్యాలు దిద్దాలి. మూడోది సరిగ్గానే ఉంది.

నేరుగా అడిగేటప్పుడు ఇంగ్లీషులో ‘విల్’ కర్త కన్నా ముందుకు వస్తుంది: వెన్ విల్ ద ఇన్‌వాయిస్ బి రెడీ? ‘కుడ్ యూ టెల్ మీ’ అని మొదలుపెడితే మాత్రం అడగడం అక్కడే అయిపోయింది, ‘కుడ్’ అప్పటికే ముందుకు వచ్చేసింది. లోపలి ముక్క మామూలు వాక్యం వరసలోనే ఉండాలి: వెన్ ద ఇన్‌వాయిస్ విల్ బి రెడీ.

మనం ఇక్కడ తడబడటానికి ఒక కారణం మన భాషలోనే ఉంది. ‘ఇన్‌వాయిస్ ఎప్పుడు వస్తుంది?’ అన్నా, ‘ఇన్‌వాయిస్ ఎప్పుడు వస్తుందో చెప్తారా?’ అన్నా తెలుగులో మాటల వరస కదలదు. క్రియ చివర ‘ఓ’ చేరుతుంది, అంతే. ఆ అలవాటుతో ఇంగ్లీషు ప్రశ్నను కూడా ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తాం. అయితే ఆ ‘ఓ’తోనే తప్పు పట్టుకోవచ్చు. వాక్యాన్ని మనసులో తెలుగులో అనుకోండి. క్రియకు ‘ఓ’ వస్తే ఇంగ్లీషులో వరస తిరగేయకూడదు.

రెండో వాక్యం తెలుగులో ‘క్లయింట్ ఒప్పుకున్నారో లేదో’ అవుతుంది. ఆ ‘లేదో’ వినిపించిన చోట ఇంగ్లీషులో ‘వెదర్’ గానీ ‘ఇఫ్’ గానీ కావాలి. ‘డిడ్’ వెళ్లిపోతుంది, అది మోస్తున్న భూతకాలం క్రియ మీదికి వస్తుంది: వెదర్ ద క్లయింట్ అప్రూవ్డ్ ఇట్. ‘వెదర్’ చేర్చి ‘డిడ్’ తీయడం మరిచిపోతే సగమే దిద్దినట్టు. ‘డిడ్’ తీసి ‘అప్రూవ్’ను అలాగే వదిలినా అంతే.

మూడో వాక్యంలో ‘హూ’యే కర్త. సంతకం చేసింది ఎవరో ఆ మాటే చెబుతోంది కాబట్టి, ముందుకూ వెనక్కూ జరపడానికి ఇంకేమీ లేదు.

వాక్యం చివర ఏ గుర్తు పెట్టాలో బయటి ముక్కను చూసి తేల్చుకోవాలి. ‘కుడ్ యూ’కు ప్రశ్న గుర్తు, ‘ప్లీజ్ లెట్ మీ నో’కు ఫుల్‌స్టాప్.

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ‘లెట్ మీ నో వాట్ ఈజ్ ద స్టేటస్’. మన దేశంలో మాటల్లో ఇది ఎంతగా వాడుకలో ఉందంటే, ‘వాట్ ద స్టేటస్ ఈజ్’ అన్న సరైన రూపమే చెవికి వింతగా తోస్తుంది. పక్క సీటు వారితో మాట్లాడేటప్పుడు దీన్ని పట్టించుకోనక్కర్లేదని నా అభిప్రాయం. బయటి దేశపు క్లయింటుకు రాసే మెయిల్లో దిద్దాల్సిందే. ‘ఈజ్’తో వాక్యం ముగించడం ఇబ్బందిగా ఉంటే ‘ప్లీజ్ లెట్ మీ నో ద స్టేటస్’ అని రాయండి, అందులో ప్రశ్న మాటే ఉండదు.