పది కిలోల దీపం, నలభై కిలోల లాగుడు

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో చాలా వీధులకు దీపస్తంభాలు ఉండవు. రెండు పక్కల భవనాల గోడలకు కొక్కేలు బిగించి, వాటి నుంచి ఉక్కు తీగలు లాగి, వీధి పైన గాలిలో దీపాన్ని వేలాడదీస్తారు. వియన్నాలోనూ ఈ ఏర్పాటు ఉంది. కాలిబాట ఖాళీగా ఉంటుంది, వెలుతురు రోడ్డు మీదే పడుతుంది. అయితే దీపం బరువంతా రెండు గోడలే మోయాలి. భవనాల ఎత్తులు ఒకేలా ఉండవు, దీపం సరిగ్గా మధ్యలోనే ఉండాలనీ లేదు. అప్పుడు ఏ తీగ ఎంత బలంగా లాగుతుంది?

చెరి సగం అనుకోవడం సహజం. పొడుగాటి తీగ మీదే ఎక్కువ భారం పడుతుందన్నది మరికొందరి ఊహ. ఈ రెండూ తప్పేనని ఒక చిన్న లెక్క చూపిస్తుంది.

దీపం బరువు 10 కిలోలు అనుకుందాం. ఎడమ కొక్కెం దీపానికి 3 మీటర్లు పక్కన, 4 మీటర్లు పైన ఉంది. కాబట్టి ఆ తీగ పొడవు 5 మీటర్లు. కుడి కొక్కెం 8 మీటర్లు పక్కన, 6 మీటర్లు పైన ఉంది. ఆ తీగ పొడవు 10 మీటర్లు. తీగ ఎప్పుడూ తన దారి వెంటే లాగుతుంది. ఆ లాగుడునే పాఠ్యపుస్తకాలు తన్యత అంటాయి. దాన్ని పక్కకు లాగే వంతుగా, పైకి లాగే వంతుగా విడదీయడమే ఇక్కడి కిటుకు. విడదీయడానికి కోణాల పట్టికలు కూడా అక్కర్లేదు, తీగ కొలతలు చాలు. ఎడమ తీగ లాగుడులో అయిదింట మూడు వంతులు పక్కకు, అయిదింట నాలుగు వంతులు పైకి పోతాయి. కుడి తీగలో పదింట ఎనిమిది పక్కకు, పదింట ఆరు పైకి.

దీపం కదలకుండా ఉండాలంటే రెండు షరతులు తీరాలి. ఎడమకు లాగే వంతు, కుడికి లాగే వంతు సమానం కావాలి. పైకి లాగే రెండు వంతులూ కలిసి 10 కిలోలు కావాలి. మొదటి షరతును బట్టి కుడి తీగ లాగుడు ఎడమ దానిలో ముప్పావు వంతు. దాన్ని రెండో షరతులో పెడితే ఎడమ తీగకు 8 కిలోలు, కుడి తీగకు 6 కిలోలు వస్తాయి. అంటే పొట్టిగా, నిటారుగా ఉన్న తీగే ఎక్కువ లాగుతోంది. (న్యూటన్లలో కావాలంటే కిలోలను 9.8తో హెచ్చించాలి.)

సరిచూసుకోవడం సులువే. పక్కకు రెండువైపులా 4.8 కిలోలు. పైకి 6.4, 3.6 కలిపి సరిగ్గా 10. కానీ 8, 6 కలిపితే 14 వస్తుంది. ఆ అదనం ఎక్కడిదని కంగారు పడనక్కర్లేదు. రెండు తీగలూ ఒకదాన్నొకటి పక్కకు లాక్కోవడానికి కూడా బలం ఖర్చుపెడుతున్నాయి. జవాబుల మొత్తం దీపం బరువుకంటే తక్కువ వచ్చిందంటే మాత్రం ఎక్కడో తప్పు జరిగినట్టే. కోణాన్ని నేల వైపు నుంచి కొలిచారో, నిలువు గీత నుంచి కొలిచారో మరిచిపోవడం వల్లే ఇలాంటి పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయి.

నిజమైన వీధిలో దీపాన్ని కొక్కేలకు అంత కిందకు దించరు, కింద లారీలు పోవాలి. అవే గోడల మధ్య ఎడమ కొక్కెం 60 సెంటీమీటర్లు, కుడిది 40 సెంటీమీటర్లు మాత్రమే పైన ఉన్నాయనుకుంటే కథ మారిపోతుంది. ఎడమ తీగ వాలు 3 మీటర్లకు 0.6, అంటే 0.2. కుడిది 8 మీటర్లకు 0.4, అంటే 0.05. పక్కకు లాగే వంతు రెండింటికీ ఒకటే కాబట్టి, దాన్ని వాలుల మొత్తమైన 0.25తో హెచ్చిస్తే 10 కిలోలు రావాలి. కనుక ఆ వంతు 40 కిలోలు! మొత్తం లాగుడు ఎడమ తీగలో సుమారు 40.8, కుడి తీగలో 40 కిలోలు. దీపం బరువు పెరగలేదు, తీగలు పడుకున్నాయంతే. పైకి మోసే పనిలో మాత్రం ఎడమది 8 కిలోలు, కుడిది 2 కిలోలు పంచుకున్నాయి.

అందుకే గోడలో కొక్కెం ఎంత గట్టిగా దిగిందన్నది దీపం బరువును బట్టి కాక, ఈ పక్క లాగుడును బట్టి చూడాలి. తీగను ఇంకా బిగించి పూర్తిగా అడ్డంగా నిలపాలంటే ఏ బలమూ చాలదు. పైకి లాగే వంతే లేకపోతే బరువును మోసేదెవరు? పైగా చలికి ఉక్కు కుంచించుకుంటే బిగి ఇంకా పెరుగుతుంది. గాలి ఊపు, తీగ సొంత బరువు ఈ లెక్కలో లేవు, వాటిని విడిగా కలుపుకోవాలి.

మరో చిక్కు ముడి దగ్గర ఉంది. దీపాన్ని ఒకే తీగ మీద నున్నటి కప్పీతో వేలాడదీస్తే రెండువైపులా లాగుడు సమానమవుతుంది. అప్పుడు రెండు వాలులూ ఒక్కటయ్యేదాకా కప్పీ దొర్లుతుంది. అసమాన కోణాల్లో దీపం నిలవాలంటే దాన్ని తీగకు క్లాంపుతో బిగించాలి, లేదా రెండు వేర్వేరు తీగలు కట్టాలి. మొదటి ఉదాహరణలో ఆ క్లాంపు పట్టి ఉంచాల్సిన తేడా 2 కిలోలు. అది వదులైతే దీపం నిటారు తీగ ఉన్న ఎడమ పక్క నుంచి కుడివైపు జారి, వాలులు సమానమైన చోట ఆగుతుంది.