చెరగని భయం

ఎలుకను ఒక పెట్టెలో ఉంచి, బీప్ వినిపించి, వెంటనే కాళ్లకు చిన్న కరెంట్ షాక్ ఇస్తారు. కొన్నిసార్లకే అది బీప్ వినగానే బిగుసుకుపోతుంది. శబ్దానికీ నొప్పికీ ముడిపడేది మెదడులో బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డలాలో.

తర్వాత వేరే పెట్టెలో, షాక్ లేకుండా బీప్ పదేపదే వినిపిస్తే ఎలుక మామూలుగా తిరుగుతుంది. భయం పోయిందనుకుంటాం. కానీ మళ్లీ మొదటి పెట్టెలో పెట్టి బీప్ వినిపిస్తే, షాక్ లేకపోయినా బిగుసుకుపోతుంది! అమెరికా మనస్తత్వవేత్త మార్క్ బౌటన్ విస్తృతంగా పరిశోధించిన విషయమిది. పాత ముడి తెగలేదు. ‘ఇప్పుడు ప్రమాదం లేదు’ అన్న కొత్త పాఠం, మెదడు ముందుభాగం సాయంతో అమిగ్డలా స్పందనను అణచిందంతే. పైగా ఆ పాఠం నేర్చుకున్న చోటుకే ఎక్కువగా అతుక్కుని ఉంటుంది. అందుకే కుక్కలంటే భయపడేవారికి క్లినిక్‌లోనే కాక వీధిలో, పార్కులో, రకరకాల కుక్కలతో సాధన చేయించడం మేలు.