రక్తంలో సీసం ఎంతుంటే కార్మికుణ్ణి వేరే పనికి మార్చాలి?

పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించే చోట పనిచేసేవాళ్లకు కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం వస్తే గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుంటారు. అసలు సంగతి రక్త పరీక్షలోనే బయటపడుతుంది. ఫలితం వచ్చాక ఏం చేయాలో అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా 1978లోనే స్పష్టంగా రాసింది. అందుకే ఆ లెక్కనే చూద్దాం.

రక్తం చేతి నరం నుంచి తీయాలి. వేలికి సూది గుచ్చి తీస్తే చర్మం మీది సీసం దుమ్ము కలిసి, లేని విషం కూడా ఉన్నట్టు చూపించవచ్చు.

ఒక కార్మికుడికి రెండు నెలలకోసారి చేసిన మూడు పరీక్షల్లో డెసిలీటరుకు 48, 52, 53 మైక్రోగ్రాములు వచ్చాయనుకుందాం. ఒక పరీక్షలో 60 వచ్చి, దాన్ని నిర్ధారించేందుకు మళ్లీ చేసిన పరీక్షలోనూ అంత వస్తే పని నుంచి తప్పించాలి, అతనికి అంత రాలేదు. కానీ చివరి మూడింటి సగటు 50కి చేరినా తప్పించాల్సిందే. ఇక్కడ సగటు 51. కాబట్టి అతను కొలిమి దగ్గర ఉండకూడదు.

మరి ఎక్కడికి పంపాలి? చాలామంది యజమానులు పొరపాటు చేసేది ఇక్కడే. కొలిమి నుంచి తీసి అదే షెడ్డులో ఊడ్చే పనికి పెడితే మార్చినట్టు కాదు. కొత్త చోట గాలిలో సీసం ఘనపు మీటరుకు 30 మైక్రోగ్రాముల లోపే ఉండాలి. జీతం, సీనియారిటీ తగ్గించకూడదు. ఈ రక్షణ 18 నెలల వరకు ఉంటుంది. ఇది లేకపోతే కూలీ పోతుందని పరీక్షకే ఎవరూ రారు కదా!

తర్వాత నెలనెలా పరీక్ష. 45, 39, 37 వచ్చాయనుకోండి, వరుసగా రెండుసార్లు 40 లోపు కాబట్టి పాత పనికి రావచ్చు. ఏళ్ల తరబడి ఈ పనిలో ఉన్నవాళ్లకు మాత్రం అంకె మెల్లగా దిగుతుంది, ఎముకల్లో పేరుకున్న సీసం మళ్లీ రక్తంలోకి వస్తూనే ఉంటుంది. అంకె త్వరగా తగ్గాలని ముందస్తుగా సీసాన్ని బయటకు లాగే మందులు ఇవ్వడాన్ని ఓషా నిషేధించింది.

ఈ హద్దులు పాతబడ్డాయన్నది కూడా నిజమే. కాలిఫోర్నియా 2025 నుంచి 60ని 30కి దించింది.

మన దేశంలో 1948 ఫ్యాక్టరీల చట్టమే సీసం విషాన్ని డాక్టరు చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. కానీ 2025 వరకు అమల్లో ఉన్న ఆ చట్టం లెక్కలో, కరెంటుతో నడిచే చోట పదిమంది లేకపోతే అది ఫ్యాక్టరీయే అయ్యేది కాదు. నలుగురైదుగురితో నడిచే బ్యాటరీ దుకాణంలో పరీక్ష చేయించమని అడిగేవారు ఉండరు. అక్కడ పనిచేసేవాళ్లు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు తమ పని ఏమిటో ముందుగా చెప్పి, సీసం పరీక్ష రాయమని తామే అడగాలి.