చింపిన అంచులో తెల్ల గీత

టీ బండి. ముక్కలు ఐదుకు మించకూడదు. కాగితాలు కనీసం మూడు రకాలు ఉండాలి. కత్తెర ఒక్క ముక్కకే, మిగతావన్నీ చేత్తోనే చింపాలి.

కోలాజ్ చేసేవాళ్లు ఇలాంటి చిన్న షరతుల చీటీని ప్రాంప్ట్ అంటారు. దాన్ని పట్టుకుని చేసే బుల్లి పుస్తకం జీన్. మ్యాగజీన్ అన్న మాటలోని తోక ముక్కే ఆ పేరు. ఒక ఎ4 కాగితాన్ని ఎనిమిది గళ్లుగా మడిచి, మధ్య మడత మీద నడిమి రెండు గళ్ల మేర కోస్తే చాలు, కుట్టు లేకుండానే ఎనిమిది పేజీల పుస్తకమవుతుంది. విప్పి పరిస్తే సగం పేజీలు తలకిందులుగా ఉంటాయి. అందుకే మడిచి ఉండగానే పెన్సిలుతో పేజీ అంకెలు వేసుకోవాలి.

ఇప్పుడు టీ బండి పేజీ చూద్దాం. వెనక గోడకు నోటుపుస్తకాల అట్టలకు వేసే ఖాకీ కాగితం. బండికి పాత పెళ్లిపత్రికలోని ఎరుపు. దాని మీదకు సగం ఎక్కేలా వారపత్రిక పేజీలోంచి ముదురు ఆకుపచ్చ కెటిల్. గ్లాసు ఒక్కటే కత్తెరతో నున్నగా. ఆవిరికి దినపత్రిక పేలిక. వార్తాకాగితం ఒక దిశలో తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది. ఆవిరికి కావలసింది ఆ వంకరే.

ఇక్కడ నీడలు దిద్దడం ఉండదు. ఏది దేని మీద ఉందన్నదే లోతు. ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మతీస్ రంగు పూసిన కాగితాలను నేరుగా కత్తిరించి 1947లో ‘జాజ్’ పుస్తకం తెచ్చాడు. అందులోని బొమ్మలూ ఇలా చదునైన రంగు ముక్కలే. పెద్ద కోలాజ్‌లకు ఆయన ముక్కల్ని ముందు గోడకు గుండుసూదులతో గుచ్చి, అటూ ఇటూ జరిపి చూసేవాడు. టీ బండికీ అదే పద్ధతి మంచిది, జిగురు చివరికి.

చిక్కు జిరాక్సు దగ్గర వస్తుంది. నలుపు తెలుపు కాపీలో ఆ ఎరుపూ ఆ ఆకుపచ్చా దాదాపు ఒకే ముదురు బూడిద రంగు. కెటిల్ బండిలో కలిసిపోతుంది. అతికించకముందే ఫోనులో నలుపు తెలుపు ఫొటో తీస్తే ఈ సంగతి బయటపడుతుంది.

రంగు మార్చక్కర్లేదు, చింపే తీరు మారిస్తే చాలు. అచ్చు కాగితానికి రంగు పైపొరలోనే ఉంటుంది, లోపల తెలుపే. బొమ్మ వైపు పైకి పెట్టి, ఎడమచేత్తో కెటిల్ భాగాన్ని బల్లకు అదిమి, కుడిచేత్తో అక్కర్లేని భాగాన్ని పైకి, మన వైపుకు లాగాలి. లేచిన ముక్క రంగు పొరను కొంత పట్టుకుపోతుంది. బల్ల మీద మిగిలిన కెటిల్ చుట్టూ తెల్లని నూగు అంచు తేలుతుంది. చేతులు తారుమారైతే ఆ తెలుపు చెత్తబుట్టలోకి పోయే ముక్కకు దక్కుతుంది. లోపలిదాకా రంగు కలిపి తయారుచేసిన కాగితానికి మాత్రం ఈ కిటుకు పనిచేయదు.

మళ్లీ కాపీ తీస్తే ఎరుపూ ఆకుపచ్చా బూడిదగానే ఉంటాయి, కానీ మధ్యలో తెల్ల గీత నిలిచి, కెటిల్ మూతి దగ్గర్నుంచి పిడి దాకా స్పష్టంగా కనిపిస్తుంది.